ఎరిక్సన్ పట్టికలో 2, 3 దశలు కలిసిపోతున్నాయి

రాయగడలో ఉంటూ టెట్‌కు చదువుతున్నాను. మనోవిజ్ఞాని ఎరిక్సన్ చెప్పిన మనోసామాజిక వికాసపు 8 దశలను వయసు, సంఘర్షణ అని రెండు గడుల పట్టికగా రాసుకున్నాను. శైశవంలో నమ్మకం, వృద్ధాప్యంలో సమగ్రత, ఇవన్నీ బాగానే గుర్తున్నాయి. మూడు మాక్ టెస్టుల్లోనూ తప్పింది ఒక్కచోటే: 2వ దశలో సిగ్గు, సందేహం, 3వ దశలో అపరాధ భావన.

నిన్నటి ప్రశ్నలో వయసు ఇవ్వలేదు. పాప తనంతట తానే పిండి కలిపే ఆట మొదలుపెట్టింది, తల్లి "ఎందుకొచ్చిన పని" అని కసిరింది. నేను సిగ్గు అని పెట్టాను, జవాబు అపరాధ భావన. పట్టిక నాలుగుసార్లు తిరగరాసినా, వయసు లేకపోతే మళ్లీ తడబడుతున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది.

"తన పని తానే చేసుకోవడం" 2వ దశ, "కొత్త పని తలపెట్టడం" 3వ దశ అని మూడో గడి కలిపితే వయసు లేని ప్రశ్నలన్నిటికీ సరిపోతుందా?