అప్‌డేట్: N₀ లేకుండానే λ వచ్చింది

నా ప్రశ్న: "రెండు రీడింగులే ఇచ్చారు, మొదట్లో ఉన్న కేంద్రకాల సంఖ్య N₀ ఇవ్వలేదు. బేరియం-137m హాఫ్ లైఫ్ ఎలా కట్టాలి?"

శ్రీకాకుళంలో మా ట్యూషన్ మాస్టారు దగ్గర కూర్చుని తేల్చుకున్నాను. క్షయ స్థిరాంకం λ ఉన్న dN/dt = −λN ని రెండు సమయాల మధ్య ఇంటిగ్రేట్ చేస్తే ln(N₁/N₂) = λ(t₂ − t₁) వస్తుంది. N₀ అసలు అక్కర్లేదు. కౌంట్ రేటు N కి అనుపాతంలోనే ఉంటుంది కాబట్టి దాన్నే నేరుగా వాడొచ్చు.

లెక్కలో రేటు మొదట నిమిషానికి 840, 5 నిమిషాల తర్వాత 240. శాంపిల్ లేనప్పుడూ కౌంటర్ 40 చూపిస్తుంది, అదే బ్యాక్‌గ్రౌండ్. అసలు కిటుకు ఇక్కడే ఉంది, ఆ 40 ని రెండింట్లోంచీ ముందే తీసేయాలి. అప్పుడు 800, 200.

λ = ln 4 / 5 = 0.277, హాఫ్ లైఫ్ 0.693/0.277 = 2.5 నిమిషాలు. పుస్తకాల్లో ఉన్న విలువ సుమారు 2.55.

తీసేయకపోతే 2.77 వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ తగ్గదు కాబట్టి క్షయం నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. రెండో రీడింగ్ ఇంకా ఆలస్యంగా తీసుకుంటే ఈ తేడా మరీ పెరుగుతుంది.