ఊరి జనానికి యుటిలిటీ స్కోర్లా, బిహేవియర్ ట్రీనా?

కొలిమి_డెవ్:
చిన్న ఊరి సిమ్యులేషన్ గేమ్ ఒకటి చేస్తున్నాను, ఊళ్లో 150 మంది జనం. ప్రతి మనిషికీ ఆకలి, నిద్ర, పని, కబుర్లు అని అవసరాలు పెట్టాను, దేనికి ఎక్కువ స్కోరు వస్తే అది చేస్తాడు. కానీ మా కమ్మరి పూటకూళ్ల ఇంటికి వెళ్తాడు, ఒక్క ముద్ద తింటాడు, లేచి కొలిమికి పోతాడు, కాసేపటికి మళ్లీ తిండికి వస్తాడు. రోజంతా ఇదే. ఈ యుటిలిటీ స్కోర్ల పద్ధతి తీసేసి బిహేవియర్ ట్రీకి మారిపోవాలా?

వరుసక్రమం:
మారిపో బ్రదర్, ఆలోచించకు. ట్రీలో నిప్పంటుకుంటే పరుగు, తర్వాత ఆకలి, తర్వాత నిద్ర, చివర్న పని అని వరుస రాసుకుంటావు, పైనుంచి కిందికి చదివితే మనిషి ఏం చేస్తాడో నీకే కాదు, కోడ్ రాని వాళ్లకి కూడా అర్థమవుతుంది. హేలో 2 గేమ్ 2004లో దీన్నే వాడింది, అన్‌రియల్ ఇంజిన్‌లో రెడీమేడ్‌గా ఉంది. యుటిలిటీలో ఇక్కడ ఒక నంబర్ కదిపితే అక్కడెక్కడో ఇంకోటి చెడుతుంది, దాన్ని వెతకడానికే నెలలు పోతాయి. నీ కమ్మరి సమస్య ట్రీలో అసలు రాదు. పైగా 150 మందికి ప్రతి ఫ్రేమ్‌లో అన్ని స్కోర్లూ లెక్కేస్తే ఫోన్ వేడెక్కిపోతుంది.

పాతకాపు:
చదివితే అర్థమవుతుందన్న మాట నిజమే. కమ్మరి సమస్య ట్రీలో రాదన్నదీ, ఫోన్ వేడెక్కుతుందన్నదీ ఒప్పుకోను, కానీ ముందు లెక్క చూడకుండా ఏం చెప్పినా గాల్లో మాటే. కొలిమి_డెవ్ గారూ, ఆ రెండు పనుల స్కోర్లు ఎలా కడుతున్నారో పెట్టండి.

కొలిమి_డెవ్:
ఇదండీ. ఆకలి 0 నుంచి 1 వరకు. ఒక్కో ముద్దకి 0.05 తగ్గుతుంది. ప్రతి అర సెకనుకీ మళ్లీ లెక్కేస్తున్నాను.

```
eat  = hunger * hunger
work = 0.35
```

ఎక్కడో చదివి, చేస్తున్న పనికి 1.25 రెట్లు బోనస్ ఇచ్చి చూశాను. కొంచెం తేడా వచ్చింది కానీ సమస్య పోలేదు.

పాతకాపు:
ఎందుకు పోలేదో మీ అంకెల్లోనే ఉంది. ఆకలి 0.60 అయినప్పుడు తిండి స్కోరు 0.36, పని 0.35, కాబట్టి బయల్దేరాడు. ఒక ముద్ద తిన్నాక ఆకలి 0.55, స్కోరు 0.30. పని గెలిచింది, లేచిపోయాడు. దారిలో మళ్లీ ఆకలి పెరుగుతుంది, వెనక్కి తిరుగుతాడు. ఇప్పుడు మీ బోనస్ కలపండి. 0.55 దగ్గర 0.30 కాస్తా 0.378 అవుతుంది, ఇంకో ముద్ద తింటాడు. 0.50 దగ్గర 0.3125, పని మళ్లీ గెలిచింది. అంటే బోనస్ మీకు కొనిచ్చింది ఒక్క ముద్ద. కడుపు నిండేదాకా, అంటే ఆకలి 0.1కి దిగేదాకా కూర్చోబెట్టాలంటే బోనస్ కనీసం 16 రెట్లు పెట్టాలి. అప్పుడు పక్కనే ఇల్లు తగలబడుతున్నా అతను లేవడు.

బోనస్ పనికొచ్చేది రెండు స్కోర్లు అటూ ఇటూగా సమానంగా ఉండి మనిషి నిమిషానికోసారి మనసు మార్చుకుంటున్నప్పుడు. మీది ఆ జబ్బు కాదు. మీరు 'ముద్ద తినడం' అనేదాన్ని పనిగా పెట్టారు, పెట్టాల్సింది 'భోజనం చేయడం'. వెళ్లడం, కూర్చోవడం, తినడం, చెయ్యి కడుక్కోవడం, ఇదంతా కలిపి ఒకే పని. స్కోరు చూసి అందులోకి దిగుతాడు, దిగాక అయిపోయేదాకా మామూలు అవసరాలు అతన్ని కదపకూడదు. నిప్పు, వరద, దొంగలు లాంటి అత్యవసరాలని వేరే వర్గంలో పెట్టి వాటికి మాత్రమే మధ్యలో లేపే హక్కు ఇవ్వండి.

ఇక ట్రీలో ఇది రాదన్న మాట. "ఆకలి 0.6 దాటితే తిను" అని కండిషన్ పెట్టి, అన్‌రియల్‌లో దాని `Observer Aborts` ని `Self` చేస్తే, మొదటి ముద్దకే కండిషన్ తప్పుతుంది, ఆ కొమ్మ ఆగిపోతుంది, కమ్మరి కొలిమికి పోతాడు. అచ్చంగా ఇదే బగ్. నిర్ణయాన్ని ఎప్పుడు తిరగదోడాలి అన్నది ట్రీకైనా స్కోర్లకైనా ఒకటే ప్రశ్న.

వరుసక్రమం:
దాన్ని `None` లో వదిలేస్తే తినడం పూర్తయ్యేదాకా ఆగదు కదా. నిప్పు కొమ్మకి `Lower Priority` పెడితే అది మాత్రం మధ్యలో లేపుతుంది. మీరు ఇంత వివరంగా చెప్పిన పరిష్కారం ట్రీలో రెండు డ్రాప్‌డౌన్లు. నా వాదన అదే.

పాతకాపు:
బాగా చెప్పారు, ఆ భాగంలో ట్రీ సులువు. అందుకే భోజనం లోపలి మెట్లని ట్రీలాగే రాసుకోమంటాను. నేను వద్దనేది తిండా, నిద్రా, పనా అని ఎంచుకునే చోట. మీ వరుసలో ఆకలి నిద్ర కంటే పైన ఉంది. ఆకలి 0.65, నిద్ర 0.95 ఉన్న మనిషి తూలుకుంటూ తిండికి వెళ్తాడు. వరుస తిప్పితే, కాస్త నిద్రొచ్చినవాడు కడుపు కాలుతున్నా పడుకుంటాడు. సరే, "ఆకలి 0.6 దాటి, నిద్ర 0.9 లోపు ఉంటే" అని రాస్తారు. రేపు కబుర్లు, ఎల్లుండి జ్వరం కలుపుతారు, ప్రతి కండిషన్‌లో మిగతా అవసరాలన్నీ దూరతాయి. అప్పుడు పైనుంచి కిందికి చదివినా ఏమీ అర్థం కాదు. దూరం సంగతి చూడండి, తిండి అయిదు అడుగుల్లో ఉంటే కొంచెం ఆకలికే తినొచ్చు, ఊరవతల ఉంటే ఆగొచ్చు. వరుసలో దీన్ని ఎక్కడ పెడతారు?

ఒక్కడే_కోడర్:
నా గేమ్‌లో కోటకి ఆరుగురు కాపలావాళ్లు. తిరగడం, చప్పుడు వింటే చూడ్డం, దొంగ కనబడితే తరమడం. మొత్తం ట్రీయే, చక్కగా నడుస్తోంది. స్కోర్ల అవసరం నాకెప్పుడూ రాలేదు. ఊరికే కష్టం పెంచుకోవద్దని నా సలహా.

పాతకాపు:
మీ కాపలావాళ్లకి అది సరైన ఎంపికే. దొంగని చూసినవాడు తరమాలా, కూర్చోవాలా అని తూచుకునే పని లేదు, తరమడం ఎప్పుడూ పైనే. ఊరి జనానికి అలాంటి ఖాయమైన వరుస ఉండదు. ఇక్కడ అడిగింది వాళ్ల గురించి.

రెండూ కలిపి వాడిన గేమ్ చూడాలంటే రిమ్‌వరల్డ్ ఫోల్డర్‌లో XML ఫైళ్లు తెరవండి. పైన ఖాయమైన వరుసతో ఒక ట్రీ ఉంటుంది, ఒంటికి నిప్పంటుకోవడం లాంటివి ముందు. అందులోనే ఒక చోట `ThinkNode_PrioritySorter` అనే నోడ్ ఉంది, అది తన కిందున్న తిండి, నిద్ర, పని లాంటివాటిని అడిగి, ఇప్పుడు ఎవరి ప్రాధాన్యం ఎంతో తెలుసుకుని, ఆ క్రమంలో ప్రయత్నిస్తుంది.

ఫోన్ వేడెక్కడం గురించి కూడా ఒక మాట. ప్రతి ఫ్రేమ్‌లో ఎవరూ ఆలోచించక్కర్లేదు, పని అయిపోయినప్పుడో, అర సెకనుకోసారో చాలు, అదీ అందరూ ఒకేసారి కాకుండా విడతలుగా. నాలుగు గుణకారాలకి ఏ ఫోనూ వేడెక్కదు. బరువంతా దూరం కొలవడానికి నిజంగా దారి వెతకడంలో ఉంటుంది. స్కోరు కట్టేటప్పుడు నేరు దూరం వాడండి, గెలిచిన పనికి మాత్రమే దారి వెతకండి. మధ్యలో ఏరు అడ్డంగా ఉన్న ఊళ్లలో ఇది తప్పుతుంది, అవతలి గట్టు మీది బావి దగ్గరే అనిపిస్తుంది, కాబట్టి అలాంటి చోట ఊరిని ప్రాంతాలుగా విడగొట్టి ఏ ప్రాంతం నుంచి దేనికి ఎంత దూరమో ముందే రాసిపెట్టుకోవాలి.

కొలిమి_డెవ్:
భోజనాన్ని ఒకే పనిగా మార్చాను. కమ్మరి ప్రశాంతంగా తింటున్నాడు, థాంక్స్ అండీ. కానీ ఇప్పుడు తెల్లారగానే ఊరంతా బావి దగ్గరే ఉంటోంది. రద్దీ ఎక్కువైతే స్కోరు తగ్గేలా ఇంకో గుణకం కలిపితే, జనం ఖాళీ బావికి కూడా సరిగ్గా వెళ్లడం మానేశారు.

వెన్నెల_పిక్సెల్:
రెండో సంగతి నాకు తెలుసు, మా టీమ్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది. నువ్వు గుణిస్తున్నవి అన్నీ 1 లోపు అంకెలు కదా. 0.9ని 0.9తో గుణిస్తే 0.81. అలాంటివి అయిదు గుణిస్తే 0.59. అంటే ఎక్కువ విషయాలు ఆలోచించే పని, ఆ విషయాలన్నీ బాగున్నా కూడా ఓడిపోతుంది. గుణించాక వచ్చినదానికి, ఎన్ని గుణించావో అన్నో మూలం తీసుకో, అప్పుడు రెండున్నా అయిదున్నా 0.9 దగ్గరే ఉంటుంది. ఏదో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే, అది మనకి కావాల్సిందే.

```
score = pow(product, 1.0 / count)
```

పాతకాపు:
సరిగ్గా చెప్పారు. మొదటి సంగతికి, అందరికీ ఒకే స్కోరు లెక్క, ఒకే నిద్ర లేచే వేళ ఉంటే అందరికీ ఒకేసారి దాహం వేస్తుంది. ఒకరికి ఆకలి వర్గం, ఇంకొకరికి ఆకలి ఘనం అని తేడా పెట్టండి, మొదటివాడు తొందరగా తిండికి లేస్తాడు, రెండోవాడు బాగా ఆకలయ్యేదాకా ఆగుతాడు, మనుషులు వేరువేరుగా కనిపిస్తారు. తర్వాత, ఎప్పుడూ మొదటి స్కోరునే తీసుకోకండి. ది సిమ్స్‌లో ఫ్రిజ్, మంచం లాంటి వస్తువులే తాము ఏ అవసరం తీరుస్తాయో చాటుకుంటాయి, మనిషి వాటిని తూచి పైనున్న కొన్నింటిలోంచి ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుంటాడు. కానీ మొత్తం జాబితాలోంచి ఎంచితే ఆకలితో చస్తున్నవాడు అప్పుడప్పుడూ కబుర్లకి పోతాడు. మొదటి స్కోరులో అయిదింట నాలుగు వంతుల కంటే తక్కువున్నవి ముందే తీసేయండి. బయల్దేరేటప్పుడే చోటు రిజర్వ్ చేయించండి, లేకపోతే రద్దీ గుణకం బావికి చేరాక గానీ కదలదు, ఈలోగా యాభై మంది దారిలో ఉంటారు.

ప్రతి నిర్ణయానికీ గెలిచిన స్కోరుతో పాటు తర్వాతి రెండూ లాగ్‌లో రాసుకోండి. లేకపోతే వరుసక్రమం గారన్న నెలలు నిజంగానే పోతాయి.

వరుసక్రమం:
ఆ లాగ్ చదివేది ప్రోగ్రామర్ ఒక్కడే, నా అభ్యంతరం అక్కడే ఉంది. పండగ రోజున పూజారి సరిగ్గా ఆరింటికి గుడి తలుపు తియ్యాలని కథ రాసినవాళ్లు అడుగుతారు. స్కోర్లలో దానికి హామీ ఎలా ఇస్తారు?

పాతకాపు:
హామీ కావాల్సినవాటిని స్కోర్లకి వదలకూడదు, మీరన్నట్టే పైన ఖాయమైన కొమ్మలో పెట్టాలి. ఊళ్లో అలాంటివి ఎన్ని అన్నదాని మీదే మన ఇద్దరి తేడా. సగం జనానికి అలాంటి పనులుంటే నేనూ ట్రీతోనే మొదలుపెడతాను.

వెన్నెల_పిక్సెల్:
నాకు ఇప్పటికీ తేలనిది ఇంకోటి ఉంది. ఇంట్లో నలుగురూ రాత్రి కలిసి భోంచేయాలి. ఒక్కొక్కరి స్కోరు వేరు, ఒకరికి ఆకలి, ఇంకొకరికి నిద్ర. 'కలిసి తినడం' అని స్కోరు కలిపితే ఇద్దరొస్తారు, ఇద్దరు రారు, వచ్చినవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోతారు.

పాతకాపు:
మనుషుల స్కోర్లతో దాన్ని సాధించడం నేను ఎక్కడా చూడలేదు. ఇంటిని ఒక మనిషిలా పెట్టి, దానికో స్కోరు ఇచ్చి, అది నలుగురికీ పని అప్పగించేలా చేయొచ్చు. ఎవరైనా నిద్ర 0.95 దాటి ఉంటే ఒప్పుకోకుండా ఉండే హక్కు ఇవ్వాలి. ఎంతసేపు ఎదురుచూడాలన్నది మాత్రం ఆడి చూసి పెట్టుకోవాల్సిందే.

కొలిమి_డెవ్:
ఇల్లు పని అప్పగించడం రేపు రాసి చూస్తాను. ఎదురుచూపుకి ముందు గేమ్ టైమ్‌లో పదిహేను నిమిషాలు పెడతాను, ఆలోగా రానివాళ్లకి గిన్నెలో పక్కన పెట్టేస్తారు.