కళ్లు పొడిబారే వారికి పైరెప్పల శస్త్రచికిత్స తగినదేనా?

మా అమ్మగారికి 68 ఏళ్లు. పైరెప్పల చర్మం సాగి కనురెప్పల వెంట్రుకల మీదికి వాలడంతో, గోడ గడియారం చూడాలన్నా నుదురు పైకి ముడిచి చూస్తున్నారు. రెప్పలను టేపుతో ఎత్తి మళ్లీ చేసిన దృష్టిక్షేత్ర పరీక్షలో పైభాగం బాగా మెరుగుపడింది కనుక, అదనపు చర్మం తీసివేస్తే ప్రయోజనం ఉంటుందని వైద్యులు చెప్పారు. అయితే ఆమెకు కళ్లు పొడిబారే సమస్య ఉంది. (ఆస్పిరిన్ కూడా వాడుతున్నారు; దాని సంగతి గుండె వైద్యులు తేలుస్తారు.) కుట్లు సుమారు వారానికి తీస్తారని, కమిలిన వాపు రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుందని తెలిసింది. చర్మం తీశాక తొలి రోజుల్లో రెప్ప పూర్తిగా మూతపడక పొడిదనం పెరగవచ్చంటున్నారు కదా, ఇటువంటి కళ్లున్న మీ ఇంటి పెద్దలెవరైనా చేయించుకుని ఉంటే, రాత్రిపూట కంటి ఆయింట్‌మెంట్ ఎన్నాళ్లు అవసరమైందో, చర్మం కొంత తక్కువగా తీయడం గురించి వైద్యులు ముందే ఏమన్నారో దయచేసి తెలియజేయగలరా?