పాత ల్యాప్‌టాప్ ధర: బ్యాటరీ అరిగితే ఎంత తగ్గించాలి?

మేఘమాల: రెండేళ్ల ఐదు నెలలు వాడిన ల్యాప్‌టాప్ అమ్ముతున్నాను. బ్యాటరీ హెల్త్ 71 శాతం. ఒరిజినల్ ఛార్జర్ పోయింది. మూడేళ్ల వారంటీలో ఇంకా ఏడు నెలలుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా కొత్త బ్యాటరీ ఖరీదు మొత్తం తగ్గించమంటున్నారు. అది న్యాయమేనా?

తూకంరాయి: న్యాయం కాదండీ. మీ మోడల్‌వే, అంతే వయసున్నవి, నిజంగా అమ్ముడైన ధర చూసుకోండి. అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర. ఆ ల్యాప్‌టాప్‌లలోనూ ఉన్నది అరిగిన బ్యాటరీయే కదా! అంటే మామూలు అరుగుదల ఆ ధరలో ముందే తగ్గిపోయింది. మళ్లీ మొత్తం తగ్గిస్తే ఒకే నష్టాన్ని మీరు రెండుసార్లు మోసినట్టు.

ఉదాహరణకు ఆ ధర 100, బిగింపు కూలితో కలిపి కొత్త బ్యాటరీ 12 అనుకుందాం. 60 శాతానికి పడిపోయాక ఎవరైనా మార్చేస్తారు కాబట్టి, వాడుకోదగ్గది 40 పాయింట్లు. ఆ వయసు ల్యాప్‌టాప్‌కు 85 ఉంటుందనుకుంటే, మీది 14 పాయింట్లు ఎక్కువ అరిగింది. 40లో 14 అంటే 35 శాతం. 12లో అది సుమారు 4. తగ్గించాల్సింది అంతే.

నీలికలువ: లెక్క బాగుంది కానీ కొనేవాడికి సగం బ్యాటరీ ఎవరూ అమ్మరు. మార్చాల్సి వచ్చిన రోజు వాడు పెట్టేది మొత్తం 12. 71 దగ్గర ఉన్నది ఇంకో ఏడాదిలో ఎలాగూ మార్చాలి. నేనైతే 8కి తక్కువ ఒప్పుకోను.

తూకంరాయి: మార్చిన రోజు వాళ్ల చేతికి కొత్త బ్యాటరీ కూడా వస్తుంది కదండీ, దాని విలువా లెక్కలోకి రావాలి. అయితే ఒక చోట మీ మాట సరైనదే. 60 దగ్గరికి వచ్చినా, ఛార్జ్ ఉండగానే హఠాత్తుగా ఆగిపోతున్నా మొత్తం తగ్గించాల్సిందే. ట్రాక్‌ప్యాడ్ పైకి తేలిందంటే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు ధర మాట తర్వాత, ముందు వాడటం ఆపి బ్యాటరీ తీయించాలి.

చిరుజల్లు: నాదీ అంతే, 80 దగ్గరే ఛార్జింగ్ ఆగిపోతోంది. అంటే హెల్త్ 80 అని రాసి అమ్మేయొచ్చా?

తూకంరాయి: అది వేరేనండీ. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలని పెట్టే ఛార్జింగ్ పరిమితి అయ్యుంటుంది. సెట్టింగ్స్‌లో తీసేసి చూడండి. అసలు హెల్త్ తెలియాలంటే విండోస్‌లో ఈ కమాండ్ ఇవ్వండి:

```
powercfg /batteryreport
```

వచ్చే రిపోర్టులో FULL CHARGE CAPACITY ని DESIGN CAPACITY తో భాగించాలి. 40,470 ని 57,000 తో భాగిస్తే మేఘమాల గారి 71 శాతం వస్తుంది. ఈ అంకె కూడా అంచనాయే. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచిన ల్యాప్‌టాప్‌లో తప్పు చూపించొచ్చు. ఒకసారి నిండా ఛార్జ్ చేసి, మామూలు పని చేస్తూ బాగా దిగనిచ్చి, మళ్లీ నింపి ఇంకో రిపోర్టు తీయండి. ఎంతసేపు వచ్చిందో ప్రకటనలో రాస్తే బేరం సగం తగ్గుతుంది.

పాతబీరువా: వారంటీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను పాతది కొన్నప్పుడు అమ్మినాయన ఏడాది ఉందన్నాడు. సీరియల్ నంబర్ కొట్టి చూస్తే తొమ్మిది నెలలే. ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీతో లెక్కేశారట! బిల్లు చూపిస్తే సరిచేస్తామన్నారు, కానీ ఆ బిల్లు ఆయన దగ్గర లేదు. అందుకే బిల్లు లేని వారంటీకి నేను పైసా ఇవ్వను.

తూకంరాయి: మంచి మాట. మేఘమాల గారూ, బిల్లు ఉంటే అదే వారంటీని ఏడాది పొడిగించడానికి కంపెనీ ఎంత అడుగుతుందో చూడండి. అది 8 అయితే, ఏడు నెలలకు 4.7 వస్తుంది. పేరు మార్పిడి తలనొప్పి, కొనేవాళ్ల అనుమానం కలుపుకుంటే అందులో సగం, అంటే 2 అడగొచ్చు. మూడేళ్ల వారంటీలోనూ బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే ఉంటుంది, కాబట్టి దాన్ని చూపించి బ్యాటరీ కోత తగ్గించమనలేరు. పడి పగిలినా బాగుచేసే ప్లాన్ అయితే కొత్త యజమానికి వర్తిస్తుందో లేదో కంపెనీనే అడగండి.

మేఘమాల: బిల్లు ఉంది. ఛార్జర్ గుండ్రటి పిన్నుది, 135 వాట్లు. ఇంట్లో 65 వాట్ల టైప్-సి ఉంది, అదిస్తే సరిపోదా?

తూకంరాయి: ముందు మీ టైప్-సి పోర్టు ఛార్జింగ్ తీసుకుంటుందో లేదో చూడండి. తీసుకున్నా, బరువైన పని పెడితే వేగం తగ్గుతుంది, ప్లగ్‌లో ఉండగానే బ్యాటరీ దిగొచ్చు. చూపించడానికి పనికొస్తుంది, ఇచ్చి పంపడానికి కాదు. ఛార్జర్‌కు మాత్రం పూర్తి ఖరీదు తగ్గించాలి, ఎందుకంటే కొన్న రోజే కావాలి. అది 5 అనుకుంటే 100లో 4, 5 తీసేసి 2 కలిపితే 93. కుదిరితే సరైన ఛార్జర్ మీరే కొని పెట్టండి. ఆన్ చేసి, ఛార్జ్ ఎక్కుతోందని చూపించలేని ల్యాప్‌టాప్‌ను చాలామంది తాకరు.

నీలికలువ: ఛార్జర్ మాట ఒప్పుకుంటాను. బ్యాటరీకి 4 మాత్రం ఇప్పటికీ తక్కువే. ఆ 85 అన్నది మీ ఊహ. అమ్ముడైన వాటిలో ఎన్నింటికి బ్యాటరీ రిపోర్టు పెట్టారు?

తూకంరాయి: కొన్నింటికే. 80 అనుకుంటే కోత 3 లోపే, 90 అనుకుంటే 6 దాకా వెళ్తుంది. మీ 8 రావాలంటే మిగతావాళ్ల బ్యాటరీలు దాదాపు కొత్తవై ఉండాలి.

మేఘమాల: ఛార్జర్ కొని, రిపోర్టు పెట్టి 98 అడుగుతాను. 95 దాకా దిగుతాను.