బతుకమ్మకు షత్రంజీలు, హన్మకొండ ఇంటి సామాను

శ్రీకాంత్: మెల్‌బోర్న్ బతుకమ్మకు వరంగల్ కొత్తవాడ షత్రంజీలు తెప్పిద్దామన్నాం కదా, ఆ డబ్బు హన్మకొండలో మేం ఖాళీ చేస్తున్న ఇంటి సామాను అమ్మి ఇస్తా. తమ్ముడు నిన్న టేకు మంచం 14,000కి ఆన్‌లైన్‌లో పెట్టాడు. గంటలో ఒకాయన మంచం చూడకుండానే బేరం ఒప్పేసుకుని, తాను మిలిటరీలో ఉన్నానని, క్యూఆర్ పంపుతాను స్కాన్ చేస్తే డబ్బు పడుతుందని అన్నాడట.

రమేశ్: పిన్ ఎవరికీ చెప్పకపోతే ఏం కాదన్నా, స్కాన్ చేయమను.

సుజాత: అక్కడే మోసపోతారు రమేశ్. వాడు పిన్ అడగడు, మనతోనే కొట్టిస్తాడు. డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోయినట్టే. ముందు రెండు రూపాయలు నిజంగానే వేసి నమ్మిస్తారు కూడా. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయమను. శ్రీకాంత్, ఆ ఫోటో ఒకసారి పెట్టు.

శ్రీకాంత్: పెట్టాను వదినా.

సుజాత: రాత్రి ఫ్లాష్‌తో తీశాడు, టేకు కాస్తా ప్లాస్టిక్‌లా మెరుస్తోంది. పైగా వెనక గోడ మీద మీ ఫ్యామిలీ ఫోటో. పరుపు తీసేసి, పొద్దున కిటికీ వెలుగులో తీయమను. తలాపు చెక్కడం దగ్గరగా ఒకటి, పట్టీల మీద టేపు పెట్టి పొడవు వెడల్పు కనిపించేలా ఒకటి. చీలిన కోడు ఉంటే అదీ చూపించాలి, లేకపోతే వచ్చినవాడు దాన్నే పట్టుకుని రెండు వేలు తగ్గించమంటాడు.

లక్ష్మి: నా సోఫా ఇక్కడ మూడు వారాలైనా పోవట్లేదు, రోజూ ఎవరో ఒకరు ఉందా అని అడిగి మాయమైపోతారు. అది కూడా మీ లిస్టులో కలపండి.

శ్రీకాంత్: అక్కా, ఇది హన్మకొండ సామాను!

రమేశ్: గ్యాస్ సిలిండర్ కూడా పెట్టేస్తే?

సుజాత: అది అమ్మేది కాదు, కంపెనీది. ఏజెన్సీలో ఇచ్చి కనెక్షన్ రద్దు చేసుకుంటే డిపాజిట్ తిరిగిస్తారు, కాగితం వెతకమను.

(నాలుగు రోజుల తర్వాత)

శ్రీకాంత్: మంచం 12,000కి పోయింది. ఆఖరి రేటెంత అని మెసేజ్ పెట్టిన పదకొండు మందికీ తమ్ముడు ఒకటే జవాబిచ్చాడు, వచ్చి చూశాక మాట్లాడుకుందామని. వచ్చింది ఇద్దరే. కాజీపేట ఆయన ఎనిమిది వేల దగ్గర మొదలుపెట్టి, మంచం కింద దూరి చెక్క తట్టి చూసి, చాయ్ తాగి, గేటు దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. మేం 11,500 లోపు ఇవ్వొద్దని ముందే అనుకున్నాం కాబట్టి తమ్ముడు తడబడలేదు. బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ పెరిగిందని చూసుకున్నాకే మంచం విప్పనిచ్చాడు, స్క్రీన్‌షాట్ చూసి కాదు.

సుజాత: మంచిగైంది. ఇత్తడి గంగాళం సంగతి? పాత సామాన్లవాడు తూకానికే కొంటాడు, ఫోటో పెడితే ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఎక్కువిస్తారు.

శ్రీకాంత్: దానికి అమ్మ ఒప్పుకోవట్లేదు వదినా, బతుకమ్మ పూలు అందులోనే తడిపేవాళ్లమని. నాన్నేమో పెట్టేయమంటున్నాడు. ఇంకా తేలలేదు.