‘బేసి బెదిరింపు’ అనవచ్చునా? కనెక్ట్ ఫోర్ ఆటలో ఒక మాట

నల్లబల్ల: మా ఎనిమిదో తరగతి పిల్లల కోసం కనెక్ట్ ఫోర్ గురించి తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. ఇద్దరూ వంతులవారీగా నిలువుల్లో పైనుంచి బిళ్ళలు జారవిడుస్తారు, తనవి నాలుగు వరుసగా కుదిర్చినవారు గెలుస్తారు. మూడు బిళ్ళలు కుదిరాక నాలుగోది పడవలసిన గడి కింద ఇంకా ఖాళీ ఉంటే, ఆ పై గడిని ‘త్రెట్’ అంటారు. అది కింది నుంచి 3 లేదా 5వ వరుసలో ఉంటే ‘ఆడ్ త్రెట్’, 2, 4, 6 వరుసల్లో ఉంటే ‘ఈవెన్ త్రెట్’. ‘బేసి బెదిరింపు’ అని రాసి చదువుకుంటే నాకే నవ్వు వచ్చింది. మరో మాట చెప్పగలరా?

పాతపుస్తకం: ‘ఆడ్’ అంటే ఇక్కడ విచిత్రమైన అని కదా. ‘వింత బెదిరింపు’ అంటే సరిపోతుంది.

నల్లబల్ల: కాదండీ, వరుస సంఖ్య బేసిదా, సరిదా అన్నదే ఇక్కడ విషయం.

చింతగింజ: ‘మాటు’ అనండి. మాటు వేసినవాడు జంతువు దగ్గరికి వచ్చేదాకా కదలడు. ఈ గడీ అంతే, దాని కింది గడిలో ఎవరో ఒకరు బిళ్ళ వేసేదాకా కాచుకుని ఉంటుంది. బేసి మాటు, సరి మాటు.

నిమ్మతొన: మాట బాగుంది. పిల్లలకు సూత్రం కూడా చెప్పేయండి: బేసి మాటు ఉన్నవారిదే గెలుపు. మా హాస్టల్లో అందరికీ తెలిసిన సంగతే.

చింతగింజ: అందులో సగమే నిజం. ఆ మాటు ఎవరిదో కూడా చూడాలి. ఆటలో 7 నిలువులు, ఒక్కో నిలువులో 6 గడులు. ఆరు నిలువులు నిండి ఒక్కటే మిగిలిందనుకోండి. అప్పటికి 36 బిళ్ళలు పడ్డాయి కాబట్టి వంతు మళ్ళీ మొదటి ఆటగాడిది. ఆ నిలువులో 1 అతను, 2 రెండో ఆటగాడు, 3 అతను, ఇలా పైదాకా. అందుకే బేసి మాటు మొదటివారికి పనికొస్తుంది, సరి మాటు రెండోవారికి. మీ హాస్టల్లో మొదట ఆడేది మీరేనేమో!

నిమ్మతొన: అవును, ఎప్పుడూ నేనే మొదలుపెడతాను.

అమ్మమ్మ_ఖాతా: నేను మనవడితో రెండో ఆటే ఆడతాను బాబూ. వాడు ఎక్కడ వేస్తే దాని నెత్తినే నేను వేస్తాను, సరి వరుసలన్నీ నావే అవుతాయి. మొన్న మాత్రం ఓడిపోయాను. చివరికి రెండు నిలువులు పూర్తిగా ఖాళీగా మిగిలాయి. ఎడమ చివర మూడో వరుసలో వాడి మాటు, కుడి చివర నాలుగో వరుసలో నా మాటు. ఇద్దరికీ సమానమే అనుకున్నాను.

చింతగింజ: అమ్మా, అక్కడ మీ మనవడిదే పైచేయి. వాడు ఎడమ నిలువులో 1 వేసి ఉంటాడు. అలవాటు ప్రకారం మీరు దాని నెత్తిన వేస్తే వాడు 3లో వేసి గెలుస్తాడు. అది తప్పించుకోవడానికి మీరు కుడి నిలువుకు వెళ్ళారనుకోండి. అక్కడ 1 మీరు, 2 వాడు. ఇప్పుడు 3 వేయవలసింది మీరే, అంటే మీ మాటు కింద మీరే బిళ్ళ వేస్తున్నారు. వాడు 4లో అడ్డం వేస్తాడు. 5 మీరు, 6 వాడు. ఇక ఎడమ నిలువులో 2 తప్ప మీకు గడి లేదు. వేయక తప్పదు, ఆ వెంటనే 3 వాడిది. ఎడమ నిలువు ఒక్క బిళ్ళతో ఆగిపోవడం వల్ల కుడి నిలువులో వంతులు తారుమారయ్యాయి.

అమ్మమ్మ_ఖాతా: అచ్చంగా అలాగే జరిగింది! నెత్తిన వేయడం మానేసినా ఓడిపోయానని వాడు నవ్వాడు.

నల్లబల్ల: రెండు మాటులూ ఒకే నిలువులో ఉంటే?

చింతగింజ: కిందిది ముందు. అమ్మగారి మాటు రెండో వరుసలో, మనవడి మాటు దాని పైన మూడో వరుసలో ఉండి, ఆ నిలువే చివరికి మిగిలితే 1 వాడు వేయాలి, 2 వేసి ఆవిడ గెలుస్తారు. అయితే ఈ లెక్కంతా ఆట చివరిదాకా సాగితేనే. నడిమధ్యలో ఒకేసారి రెండు చోట్ల నాలుగు కుదిరేలా ఎవరైనా వేస్తే సరీ లేదు, బేసీ లేదు.

నిమ్మతొన: అంటే మొదట ఆడేవారిదే పైచేయి అన్నమాట. నేను చెప్పింది అదే కదా.

చింతగింజ: నడి నిలువులో మొదలుపెట్టి తప్పు లేకుండా ఆడితే మొదటివారు గెలవగలరని 1988లో జేమ్స్ అలెన్, విక్టర్ అలిస్ వేర్వేరుగా నిరూపించారు. కానీ మొదటి బిళ్ళ నడి నిలువు పక్కన వేస్తే సమం. ఇంకా అంచుల వైపు వేస్తే రెండోవారే గెలవగలరు.

పాతపుస్తకం: ‘మాటు’ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. మాటు వేసినవాడు కనబడకూడదు. ఇక్కడ గడి అందరికీ కనబడుతోంది. పైగా ‘సరి మాటు’ అంటే పిల్లలు ‘సరైన మాటు’ అనుకోరూ?

చింతగింజ: కనబడుతున్నా తప్పించుకోలేకపోవడమే ఇందులో తమాషా. ‘సరి’ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. ‘సరి వరుస మాటు’ అని విడమరిస్తే ఆ చిక్కు పోతుంది, కానీ మాట పొడవవుతుంది.

నల్లబల్ల: ‘వేయక తప్పని వంతు’ అన్నది మాత్రం మీ మాటల్లోంచే తీసుకుని పేజీలో పెట్టేశాను. ‘మాటు’ సంగతి సోమవారం పిల్లల చేత ఆడించి చూస్తాను. వాళ్ళ నోట్లో ఏ మాట నిలిస్తే అది రాస్తాను.

అమ్మమ్మ_ఖాతా: మా వాడు దాన్ని ‘నా గడి’ అంటాడు, అంతే.