కేథటర్ ఉన్న నాన్నగారికి యూరిన్ కల్చర్ పాజిటివ్, జ్వరం లేదు. యాంటీబయాటిక్ వేయాలా?

మా నాన్నగారికి 82 ఏళ్లు. పక్షవాతం వచ్చాక మూత్రం ఆగిపోతుండడంతో కేథటర్ శాశ్వతంగా ఉంచారు. మూత్రం వాసనగా, చిక్కగా ఉందని నర్సు బ్యాగులోంచే శాంపిల్ తీసి పంపింది. ఈ. కొలై బ్యాక్టీరియా లక్షకు పైగా ఉందని, పస్ సెల్స్ ఎక్కువని రిపోర్టు. జ్వరం లేదు, రెండు పూటలా బాగానే తింటున్నారు. ఒక డాక్టరుగారు వారం రోజుల కోర్సు రాశారు, యూరాలజిస్టు వద్దన్నారు.

యూరాలజిస్టు చెప్పినదాని ప్రకారం, నెల దాటి ట్యూబు ఉంటే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా ఉంటుందట. అది ట్యూబు గోడకి జిగురు పొరలా అంటుకుని ఉంటుంది కాబట్టి మందు వేసినా కొన్నాళ్లకే తిరిగి వస్తుంది, అదీ ఆ మందుకి లొంగనిదిగా. పస్ సెల్స్ ట్యూబు రాపిడికే పెరుగుతాయి, వాసన ఒక్కటే గుర్తు కాదు అన్నారు. జ్వరం, చలి వణుకు, నడుము పక్కన గానీ పొత్తికడుపులో గానీ నొప్పి, బీపీ పడిపోవడం లాంటివి ఉంటేనే చికిత్స. అప్పుడు కూడా పాత ట్యూబు తీసేసి, కొత్తదాని నుంచి శాంపిల్ తీయాలట. ఇది నాకు సబబుగానే అనిపించింది.

నా టెన్షన్ వేరే. నాన్నగారికి మాట రాదు, నొప్పి చెప్పలేరు. అప్పుడప్పుడు మధ్యాహ్నాలు మత్తుగా పడుకుంటారు. జ్వరం లేకుండా మత్తు ఒక్కటే ఉంటే నీళ్లు తగ్గడం, మలబద్ధకం, వేరే మందుల ప్రభావం ముందు చూడాలా, లేక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలా? ఇలాంటి పెద్దవాళ్లని చూసుకుంటున్నవారు, నర్సులు, డాక్టర్లు ఎవరైనా ఉంటే ఇంట్లో రోజూ ఏమేం గమనిస్తారో దయచేసి చెప్పండి.